వానలు పడినా ఫాంపాండ్ నిండడం లేదా? కర్వ్ నంబర్ లెక్క సరిచూడండి

సమస్య: 12 మీటర్ల చదరం పైభాగం, 6 మీటర్ల చదరం అడుగు, 3 మీటర్ల లోతుతో కుంట తవ్వారు. దాదాపు 250 ఘనపు మీటర్లు పడుతుంది. కాగితం మీద 15 సెంట్ల నేల నుంచి పారే నీరే చాలనిపించింది. తీరా చూస్తే అడుగున బురద తప్ప ఏమీ లేదు.

కారణం: సీజన్ మొత్తం వాన, అంటే 500 మి.మీ., ఒకేసారి కర్వ్ నంబర్ సూత్రంలో పెట్టారు. పడిన వానలో ఎంత నీరు పారుతుందో కట్టే సూత్రం ఇది. ఈ సూత్రం ఒక్కో వానకు విడిగా వేయాల్సింది. కర్వ్ నంబర్ అంటే ఆ నేల నుంచి నీరు ఎంత ఎక్కువగా పారుతుందో చెప్పే అంకె. ఎర్ర చెలకలో వేరుశనగ చేనుకు అది 80 అనుకుందాం. మన దేశంలో ఎర్ర నేలలకు సాధారణంగా వాడే రూపం ఇది. P పడిన వాన, Q పారే నీరు, S నేల పట్టుకోగల నీరు, మూడూ మి.మీ.లో; CN అంటే కర్వ్ నంబర్:

```
S = 25400/CN - 254
Q = (P - 0.3S)^2 / (P + 0.7S)
P <= 0.3S అయితే Q = 0
```

ఇక్కడ S 63.5 వస్తుంది. P 500 అని వేస్తే Q 425. అంటే పడిన వానలో 85 శాతం పారిపోయినట్టు! చెలక నేలలో అలా ఎక్కడా జరగదు. ఆ అంకె చూడగానే అనుమానం రావాలి.

పరిష్కారం: రోజువారీ వాన రికార్డు తీసుకుని ఏ రోజుకారోజు Q కట్టి కూడండి. 50 మి.మీ. వానకు Q సుమారు 10 మి.మీ. హెక్టారు మీద 1 మి.మీ. అంటే 10 ఘనపు మీటర్లు కాబట్టి హెక్టారుకు 100 ఘనపు మీటర్లు వస్తాయి. ఒక్క వానతోనే కుంట నిండాలంటే రెండున్నర హెక్టార్లు, అంటే ఆరెకరాలు కావాలి. అలాంటి వానలు మూడు పడతాయనుకుంటే, మధ్యలో ఇంకే నీటిని, ఆవిరయ్యే నీటిని పక్కన పెడితే, రెండెకరాలు సరిపోతుంది.

సమస్య: ఇలా లెక్క కట్టినా, 50 మి.మీ. పడిన రోజున కూడా నీరు రాలేదు.

కారణం: నేల ఎండి ఉంది. 80 అనేది మామూలు పదునుకు. పంట కాలంలో అంతకుముందు ఐదు రోజుల్లో కలిపి 36 మి.మీ. కంటే తక్కువ పడితే దాన్ని 63కి దించాలి. అప్పుడు అదే వానకు Q 0.2 మి.మీ. కూడా రాదు. హెక్టారుకు రెండు ఘనపు మీటర్ల లోపే!

పరిష్కారం: రికార్డులో ప్రతి పెద్ద వానకు ముందు ఐదు రోజుల మొత్తం చూసి నంబరు మార్చండి. ఆ ఐదు రోజుల్లో 53 మి.మీ. దాటితే నంబరు పెంచాలి. మంచి ఏడాది ఒక్కటే చూసి పరీవాహక ప్రాంతం తేల్చేస్తే ఇబ్బంది పడేది మీరే.

సమస్య: దీనికి పూర్తిగా రివర్స్. చిన్న వానకే అనుకున్నదానికంటే ఎక్కువ నీరు వచ్చి కట్ట కోసుకుపోతోంది.

కారణం సాధారణంగా సగటు. సగం రాతి నేల (90), సగం చేను (70) ఉంటే 80 అని వేస్తారు. 30 మి.మీ. వానకు 80తో 1.6 మి.మీ. వస్తుంది. విడివిడిగా కడితే రాతి నేల నుంచి 9.3, చేను నుంచి సున్నా, సగటున 4.7. నంబర్లను కాదు, వచ్చే నీటిని కలపండి.