మందుల బ్యాచ్ లెక్క – 4వ పాఠం: కంపెనీ వెనక్కి పిలిచిన బ్యాచ్ ఎక్కడుంది?

పోయిన పాఠం తర్వాత మీరు పంపిన షీట్లన్నీ చూశాను. రీకాల్‌తోనే మొదలుపెడదామనుకున్నాను గానీ, చాలా షీట్లలో బ్యాచ్ నంబర్లే చెడిపోయి ఉన్నాయి. ముందు వాటి సంగతి చూడాలి.

స్ట్రిప్పు మీద `24E05` అని ఉంది. మీరూ అదే కొట్టారు. ఎక్సెల్ మాత్రం దాన్ని 24 పక్కన ఐదు సున్నాలనుకుని `2.40E+06` అని చూపించింది. `0415` అని కొడితే ముందున్న సున్నా తీసేసి `415` చేసింది. ఇప్పుడు ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చినా పోయింది తిరిగి రాదు, `2400000` అని కనబడుతుందంతే. కాలమ్‌ను ముందే టెక్స్ట్ చేసి, స్ట్రిప్పు చేతిలో పెట్టుకుని మళ్లీ కొట్టాల్సిందే. పాత బిల్లు చూసి కొట్టకండి, ఆ బిల్లు కూడా ఇలాంటి షీటు నుంచే వచ్చి ఉండొచ్చు.

టెక్స్ట్ చేశాక కూడా ఇంకో గుంట ఉంది. దీని గురించి ఎవరూ చెప్పరు, నాకు అసలు కోపం అక్కడే. `SUMIFS` వెతికేటప్పుడు అంకెలా కనిపించే టెక్స్ట్‌ను అంకెగానే లెక్కపెడుతుంది. అందుకే `0415`, `415` రెండు వేర్వేరు బ్యాచ్‌లైనా వాటి స్టాకు కలిపేసి ఒకే మొత్తం ఇస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు కాబట్టి మీకు తెలిసే దారే లేదు. నేనైతే బ్యాచ్ నంబరును ఒంటరిగా ఎప్పుడూ వెతకను. A కాలమ్‌లో మందుకు మనం పెట్టుకున్న కోడ్, B లో స్ట్రిప్పు మీదున్న బ్యాచ్, పక్కన రెండూ కలిపిన కాలమ్ ఒకటి:

```
=A2&"-"&B2
```

`PCM-24E05` అని వస్తుంది. దీన్ని ఎక్సెల్ అంకె అనుకోలేదు. రెండు కంపెనీల మందులకు ఒకే బ్యాచ్ నంబరు వచ్చినా కలవవు. `SUMIFS` లో ఈ కాలమ్‌నే వాడండి.

ఎక్స్‌పైరీ గురించి ఒక్క మాట. `03/2027` అంటే మార్చి చివరి రోజు దాకా మందు పనికొస్తుందని. ఎక్సెల్ మాత్రం దాన్ని మార్చి 1 అని దాచుకుంటుంది. ఎక్స్‌పైరీ D కాలమ్‌లో ఉంటే, పక్క సెల్‌లో `=EOMONTH(D2,0)` పెట్టి దానికి తేదీ ఫార్మాట్ ఇస్తే మార్చి 31 అవుతుంది.

ఇక రీకాల్. హన్మకొండలో ఒక హోల్‌సేల్ ఏజెన్సీ అనుకోండి. పారాసిటమాల్ 500, బ్యాచ్ `24E05` అమ్మకం ఆపి వెనక్కి పంపమని కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. వచ్చిన సరుకు 240 స్ట్రిప్పులు, డబ్బాకు పది. బిల్లుల ప్రకారం పరకాలకు 60, నర్సంపేటకు 80, హన్మకొండలోనే ఒక షాపుకు 40 పోయాయి. నర్సంపేట షాపు 10 వాపస్ ఇచ్చింది. అంటే ర్యాక్‌లో 70 ఉండాలి. లెక్కపెడితే 60 ఉన్నాయి.

ఇక్కడ చాలామంది "ఒక డబ్బా తక్కువ" అని రాసి, ఆ ముగ్గురికి ఫోన్ చేసి వదిలేస్తారు. వదలొద్దు. అదే మందు పక్క బ్యాచ్ `24E06` ను లెక్కపెట్టండి. పుస్తకంలో 110, ర్యాక్‌లో 120. ఇక్కడ తగ్గిన పదే అక్కడ పెరిగాయి. అంటే బిల్లు `24E06` మీద కొట్టారు, డబ్బా మాత్రం చేతికి అందిన `24E05` ది పెట్టి పంపారు. కాబట్టి వెనక్కి రావాల్సిన డబ్బా మీ `24E05` బిల్లుల్లో కనబడని షాపులో ఉంది.

ఇప్పుడు `24E06` బిల్లులు తీయండి. జనగామకు 10, ములుగుకు 30, ఘన్‌పూర్‌కు 50. ముగ్గురికీ ఫోన్ చేయండి. "అన్నా, `24E05` ఉందా?" అని అడిగితే తమ దగ్గరున్న బిల్లు చూసి లేదంటారు. "ప్రతి డబ్బా తెరిచి, స్ట్రిప్పు మీద ఏముందో చదువు అన్నా" అనండి. ములుగులో మూడు డబ్బాల్లో ఒకటి `24E05` తేలింది. రీకాల్ జాబితాలో షాపులు మూడు కాదు, నాలుగు. నర్సంపేట నుంచి వాపస్ వచ్చిన పది కూడా నిజంగా అదే బ్యాచో కాదో స్ట్రిప్పు మీద చూడండి. వాపస్ సరుకును బిల్లు చూసి ర్యాక్‌లో కలిపేయడం వల్లే సగం తేడాలు వస్తాయి.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. రెండు బ్యాచ్‌లూ పూర్తిగా అమ్ముడుపోయి, పుస్తకంలో కూడా రెండూ సున్నా అయితే ఏ తేడా కనబడదు. అప్పుడు రెండు బ్యాచ్‌లు ఒకేసారి గోడౌన్‌లో ఉన్న రోజుల బిల్లులన్నీ తీసి, ఆ షాపులన్నిటికీ ఫోన్ చేయక తప్పదు. అందుకే ఒకే మందువి రెండు బ్యాచ్‌లుంటే ఒకే అరలో పెట్టనివ్వను.

అభ్యాసం: మీ గోడౌన్‌లో రెండు బ్యాచ్‌లున్న మందు ఒకటి తీసుకోండి. అందులో పాత బ్యాచ్‌ను కంపెనీ వెనక్కి పిలిచిందనుకోండి. కొన్న బిల్లు నుంచి చివరి షాపు దాకా ప్రతి స్ట్రిప్పుకూ లెక్క చెప్పాలి. కనీసం రెండు షాపులకు ఫోన్ చేసి స్ట్రిప్పు మీద ఉన్నది చదివించుకోవాలి. వచ్చింది, పోయింది, వాపస్, ర్యాక్‌లో ఉన్నది – ఈ నాలుగు అంకెలు, తేడా వస్తే పక్క బ్యాచ్‌వి కూడా, షీటులో రాసి పంపండి. తేడా వచ్చినా దాచకండి, ఆ షీట్లతోనే ఐదో పాఠం మొదలుపెడతాను.