పల్చటి లోహపు పొర రేడియో తరంగాన్ని ఎంత ఆపుతుంది? లెక్క కట్టి, కొలిచి చూడటం ఎలా?

"ఎంత మందం రేకు కావాలండీ?" షీల్డింగ్ గురించి మాట మొదలైతే ముందుగా వచ్చే ప్రశ్న ఇదే. దానికి చాలామంది స్కిన్ డెప్త్, అంటే తరంగం బలం సన్నగిల్లేలోపు లోహంలోకి దిగే లోతు, లెక్క కట్టి, రేకు అంతకంటే పల్చన అయితే పనికిరాదని తేల్చేస్తారు. అది తప్పు. స్కిన్ డెప్త్‌లో నలభయ్యో వంతు మందం కూడా లేని అల్యూమినియం పూత వై-ఫై తరంగం శక్తిని పదహారు వేల వంతుకు తగ్గించగలదు. ఎందుకో ముందు చూద్దాం. తర్వాత మల్టీమీటర్, నూనె డబ్బా, ఫోన్, ల్యాప్‌టాప్‌తో ఇంట్లోనే కొలుద్దాం.

మనం పరీక్షించే వస్తువు ట్రెక్కింగ్‌కి వెళ్ళేవాళ్ళు వాడే వెండి రంగు ఎమర్జెన్సీ దుప్పటి. ప్లాస్టిక్ మీద అతి పల్చగా అల్యూమినియం పూత వేసి చేస్తారు. తరంగం 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై.

1. రేకు పల్చనిదా, మందమైనదా తేల్చుకోండి

అల్యూమినియంలో స్కిన్ డెప్త్ ఎంతో గుర్తుపెట్టుకోవడం తేలిక. 1 మెగాహెర్ట్జ్ దగ్గర 82 మైక్రాన్లు. ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ దాని వర్గమూలం మేరకు తగ్గుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ అంటే 2400 మెగాహెర్ట్జ్, దాని వర్గమూలం దాదాపు 49. 82ని 49తో భాగిస్తే సుమారు 1.7 మైక్రాన్లు వస్తుంది. దుప్పటి మీది పూత మైక్రాన్‌లో కొన్ని వందో వంతులే కాబట్టి అది కచ్చితంగా పల్చనిదే. వంటింటి ఫాయిల్ 11 మైక్రాన్లు అనుకుంటే, ఇదే తరంగానికి అది బాగా మందమైనది.

2. మందం వదిలేసి, షీట్ రెసిస్టెన్స్ కొలవండి

పల్చని పొర మీద తరంగం పడినప్పుడు జరిగేది ఇది. తరంగంలోని విద్యుత్ క్షేత్రం పొరలో కరెంటును నడుపుతుంది. ఆ కరెంటు తిరిగి రెండు వైపులా సమానంగా తరంగాన్ని వెదజల్లుతుంది. ముందు వైపు వెళ్ళేది మనకు పరావర్తనంగా కనిపిస్తుంది. వెనక వైపు వెళ్ళేది లోపలికి వస్తున్న అసలు తరంగానికి ఎదురు నిలిచి దాన్ని దాదాపు కొట్టేస్తుంది. అంటే పల్చని పొర తరంగాన్ని తనలో ఇంకించుకుని ఆపడం లేదు, ఎదురు తరంగం పుట్టించి ఆపుతోంది. అందుకే తరంగం పొరలో ఎంత లోతుకు దిగుతుందన్న ప్రశ్న ఇక్కడ అక్కరకు రాదు. కరెంటు ఎంత సులువుగా పారుతుందన్నదే లెక్క.

ఆ సులువును షీట్ రెసిస్టెన్స్ చెబుతుంది. పొరలోంచి ఒక చదరం కత్తిరించి ఎదురెదురు అంచుల మధ్య నిరోధం కొలిస్తే వచ్చేదే అది. చదరం చిన్నదైనా పెద్దదైనా అంకె ఒకటే. అందుకే దీన్ని చదరానికి ఇన్ని ఓమ్‌లు అని చెబుతారు.

దుప్పటి నుంచి 2 సెం.మీ. వెడల్పున ఒక పట్టీ కత్తిరించండి. మల్టీమీటర్ మొనలు నేరుగా గుచ్చితే పూత గీసుకుపోతుంది. అందుకని రెండు చివర్లా వెడల్పు పొడవునా వంటింటి ఫాయిల్ మడిచి పెట్టి, బట్టల క్లిప్పుతో గట్టిగా నొక్కండి. ఫాయిల్ ముక్కల మధ్య 20 సెం.మీ. ఉంటే పది చదరాలు వరసగా ఉన్నట్టు. నా పట్టీకి మీటర్ 15.3 ఓమ్‌లు చూపించింది. మీటర్ తీగలు ఒకదానికొకటి తాకిస్తే 0.3 వచ్చింది. తేడా 15 ఓమ్‌లు, పదితో భాగిస్తే చదరానికి 1.5 ఓమ్‌లు. మీటర్ ఏమీ చూపించకపోతే పట్టీ తిరగేయండి, పూత రెండో వైపు ఉండొచ్చు. చిప్స్ ప్యాకెట్‌తో ఇది కుదరదు, దాని లోహపు పూత రెండు ప్లాస్టిక్ పొరల మధ్య ఇరుక్కుని ఉంటుంది.

మందం నుంచి లెక్క కట్టొచ్చు కదా అంటే, వద్దనే అంటాను. ముద్ద అల్యూమినియం వాహకత వేసి చూస్తే 1.5 ఓమ్‌లకు 18 నానోమీటర్ల మందం సరిపోవాలి. కానీ ఇంత పల్చని పూతలో కరెంటు మామూలు అల్యూమినియంలో పారినంత బాగా పారదు. కాబట్టి అసలు పూత అంతకంటే మందంగానే ఉంటుంది. మందం అంకెను నమ్ముకుంటే షీల్డింగ్ ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది.

3. ఫార్ములాలో వేయండి

పైన చెప్పిన ఎదురు తరంగం కథనే సమీకరణంగా రాస్తే ఇలా వస్తుంది. గాలి ఇంపిడెన్స్ 376.7 ఓమ్‌లు. వెదజల్లే తరంగం రెండు వైపులకూ పంచుకుంటుంది కాబట్టి అందులో సగం, 188.4.

```
SE = 20 log10(1 + 188.4 / Rs)
```

SE అంటే పొర ఎన్ని డెసిబెల్స్ ఆపుతుందన్నది, Rs అంటే మనం కొలిచిన షీట్ రెసిస్టెన్స్, 1.5. భాగిస్తే 125.6, ఒకటి కలిపితే 126.6. అంటే పొర వెనక క్షేత్రం దాదాపు 127 వంతుకు తగ్గింది, డెసిబెల్స్‌లో 42. శక్తి దాని వర్గం మేరకు, సుమారు 16,000 వంతుకు పడిపోతుంది. వచ్చిన శక్తిలో దాదాపు 98.4 శాతం వెనక్కి తిరిగిపోతుంది, పొరలో వేడిగా మారేది ఒకటిన్నర శాతమే.

ఫార్ములాలో ఫ్రీక్వెన్సీ ఎక్కడా లేదు, గమనించండి. పొర పల్చగా ఉన్నంత వరకు ఎఫ్ఎం తరంగానికైనా వై-ఫైకైనా అదే 42.

4. మందం పెంచితే ఏమవుతుంది?

మందం రెట్టింపు చేస్తే Rs సగమవుతుంది, షీల్డింగ్ 6 డెసిబెల్స్ పెరుగుతుంది. రెండు పొరలకు 48, నాలుగింటికి 54. పొరల మధ్య ప్లాస్టిక్ అడ్డున్నా ఫర్వాలేదు. ఆ ఎడం తరంగదైర్ఘ్యం ముందు ఏ మూలకూ రాదు కాబట్టి రెండు పొరల కరెంట్లూ ఒకే చోట పారినట్టే లెక్క.

ఈ పద్ధతి ఎంత మందం దాకా నిలుస్తుందో తెలిస్తే నాలాగే మీరూ ఆశ్చర్యపోతారు. మందం సరిగ్గా ఒక స్కిన్ డెప్త్ అయినప్పుడు కూడా పూర్తి లెక్కకూ ఈ చిన్న ఫార్ములాకూ తేడా 0.2 డెసిబెల్ మాత్రమే. రెండు స్కిన్ డెప్త్‌ల దగ్గర తేడా రెండున్నర డెసిబెల్స్‌కు చేరుతుంది, మూడింటి దగ్గర ఏడున్నర. అక్కడి నుంచి తీరు మారిపోతుంది. రెట్టింపుకు ఇంత అని కాకుండా, అదనంగా చేరే ప్రతి స్కిన్ డెప్త్‌కూ 8.7 డెసిబెల్స్ చొప్పున పెరుగుతూ పోతుంది. ఇక్కడే తరంగం లోహంలో ఇంకిపోవడం మొదలవుతుంది. వంటింటి ఫాయిల్‌కు చిన్న ఫార్ములా వేస్తే 98 వస్తుంది, 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పూర్తి లెక్కలో 130 వస్తుంది.

5. కొలిచి చూడండి

ఫోన్ ముందు పొర అడ్డం పెట్టి సిగ్నల్ చూస్తే లాభం లేదు, తరంగం పక్కల నుంచి తిరిగి వచ్చేస్తుంది. ఒక వైపు కోసేసిన 15 కిలోల ఖాళీ నూనె డబ్బా తీసుకోండి. నూనె ఒంపే రంధ్రాన్ని ఫాయిల్‌తో, టేపుతో మూసేయండి. లోపల ఫోన్ పెట్టి 2.4 గిగాహెర్ట్జ్ హాట్‌స్పాట్ ఆన్ చేయండి. పక్కనే ఒక నీళ్ల సీసా కూడా పెట్టండి. మూసిన డబ్బాలో తరంగం గోడలకు తగిలి తిరిగి తిరిగి పోగుపడుతుంది, దాంతో పొర నిజంగా ఆపేదానికంటే తక్కువ ఆపినట్టు కనిపిస్తుంది. నీళ్లు ఆ తరంగాన్ని పీల్చుకుని పోగుపడకుండా చూస్తాయి. డబ్బా తెరిచి కొలిచేటప్పుడూ సీసా అక్కడే ఉండాలి.

బయట అడుగు దూరంలో లినక్స్ ల్యాప్‌టాప్‌ను ఆ హాట్‌స్పాట్‌కు కనెక్ట్ చేసి, సిగ్నల్ చూడండి:

```
iw dev wlan0 link
```

`signal: -28 dBm` లాంటి లైన్ కనిపిస్తుంది. wlan0 బదులు మీ వై-ఫై కార్డు పేరు వేరే ఉండొచ్చు. గదిలో తరంగాలు గోడలకు తగిలి కలుస్తుంటాయి కాబట్టి ల్యాప్‌టాప్‌ను అరచెయ్యంత జరుపుతూ ఐదారు చోట్ల చదివి సగటు తీయండి. పొర వేశాక మళ్ళీ అవే చోట్ల.

నా మొదటి ప్రయత్నం ఇలా సాగింది. డబ్బా తెరిచి ఉన్నప్పుడు −28. ఒక పొర కప్పి చుట్టూ రబ్బరు బ్యాండు వేస్తే −56, అంటే 28 డెసిబెల్స్ మాత్రమే. రెండో పొర వేశాను. ఇంకో 6 తగ్గాలి కదా, −57 దగ్గరే ఆగింది. దోషం ఎక్కడుందో అదే చెప్పేసింది. పొర వేసినా అంకె కదల్లేదంటే తరంగం పొరలోంచి రావడం లేదు, అంచు నుంచి దూరుతోంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 12.5 సెం.మీ. అందులో సగం పొడవున్న సన్నటి చీలిక, వెంట్రుక మందమే అయినా, చక్కని యాంటెనాలా పనిచేస్తుంది. రబ్బరు బ్యాండు కింద మూలల్లో పొర ముడతలు పడి అలాంటి చీలికలు రెండు కనిపించాయి.

రెండోసారి పూత ఉన్న వైపు డబ్బాకు ఆనేలా, నాలుగు వైపులా 4 సెం.మీ. కిందికి దిగేలా పరిచి, ముడత లేకుండా సాగదీసి, అంచు పొడవునా అల్యూమినియం టేపు వేశాను. డబ్బాకు రంగు ఉన్నా ఈ ఫ్రీక్వెన్సీలో ఇబ్బంది లేదు, అంత వెడల్పున ఒరుసుకుని ఉంటే కెపాసిటర్‌లా కరెంటు దాటిపోతుంది. ఈసారి ఒక పొరకు −67, రెండింటికి −73. తేడాలు 39, 45. లెక్క ప్రకారం 42, 48 రావాలి. మూడు డెసిబెల్స్ తక్కువైనా పొరకు పొరకూ మధ్య ఆరు వచ్చింది, అంటే ఇప్పుడు కొలుస్తున్నది పొరనే.

నాలుగు పొరలకు లింక్ తెగిపోయింది. −85 పరిసరాల్లో వై-ఫై చేతులెత్తేస్తుంది కాబట్టి ఈ ఏర్పాటుతో 50 డెసిబెల్స్ దాటి నమ్మకంగా కొలవలేం. ఫాయిల్ తాలూకు 130ని ఇలా చూడటం అసాధ్యం.

6. లెక్క ఎక్కడ చెల్లదు?

ఈ ఫార్ములా తరంగదైర్ఘ్యం కంటే విశాలమైన పొరకు. హైదరాబాద్ ఆకాశవాణి మీడియం వేవ్ 738 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది, తరంగదైర్ఘ్యం 400 మీటర్ల పైమాటే. ఫాయిల్‌తో చుట్టిన ట్రాన్సిస్టర్‌కు 98 అనే లెక్క చెల్లదు. ఆ రేడియోలోని ఫెరైట్ కడ్డీ పట్టేది అయస్కాంత క్షేత్రాన్ని. చిన్న పెట్టె చుట్టూ ఆ క్షేత్రాన్ని ఆపాలంటే పెట్టె సైజు, ఫ్రీక్వెన్సీ రెండూ లెక్కలోకి వస్తాయి. 10 సెం.మీ. వ్యాసార్ధమున్న అతుకులు లేని ఫాయిల్ గోళానికి ఈ లెక్క ఇలా:

```
SE = 20 log10 |1 + jωμ0·a / (3·Rs)|
```

ఇందులో a మీటర్లలో గోళం వ్యాసార్ధం, ω అంటే ఫ్రీక్వెన్సీకి 2π రెట్లు, μ0 శూన్యం పెర్మియబిలిటీ, j ఊహా సంఖ్య. 11 మైక్రాన్ల ఫాయిల్ షీట్ రెసిస్టెన్స్ 0.0024 ఓమ్‌లు. 738 కిలోహెర్ట్జ్ దగ్గర ఫలితం 38 డెసిబెల్స్. ఇక్కడా మందం రెట్టింపు చేస్తే ఆరే పెరుగుతుంది. ఫ్రీక్వెన్సీ సగమైతే ఆరు పోతుంది. అలా దిగుతూ 50 హెర్ట్జ్‌కు చేరితే ఏమీ మిగలదు. ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమనే హమ్ మీ యాంప్లిఫయర్‌లోకి దూరుతుంటే ఇంకో పది చుట్లు ఫాయిల్ చుట్టకండి. దానికి కావలసింది మందమైన ఇనుప పెట్టె, లేదా ట్రాన్స్‌ఫార్మర్‌ను దూరంగా జరపడం.