కరెంటు లెక్క నేర్చుకుందాం – 3వ పాఠం: ఆదివారం రీడింగ్

మీటరులో తిరుగుతూ కనిపించే అంకెల్లో పక్కన kWh అని ఉన్నదే మనకు కావాలని పోయినసారి చూశాం. చాలామంది kVAh దగ్గర పొరపడతారు. ఆ అంకె కాస్త పెద్దగా ఉంటుంది, ఇంటి బిల్లు మాత్రం దాని మీద వేయరు. ఒక kWh అంటే ఒక యూనిట్. ఈసారి ఆ kWh అంకెను వారానికోసారి రాసుకుని నెలాఖరు బిల్లును ముందే లెక్కగడదాం.

మొదటి అంకె మీటరు దగ్గర కాదు, పాత బిల్లులో దొరుకుతుంది. అందులోని ప్రస్తుత రీడింగును, తేదీని నోట్‌బుక్కులో మొదటి వరుసగా రాయండి. నెల ఒకటో తారీఖు నుంచి మొదలుపెడితే మీ లెక్క, బిల్లు ఎప్పటికీ కలవవు. ఆ తర్వాత వారానికోసారి, ఒకే వేళకు చూడండి. ఒక వారం పొద్దున, ఒక వారం రాత్రి చూస్తే ఆ తేడాయే ఓ మూడు యూనిట్లు తినేస్తుంది.

హైదరాబాద్‌లోని మా ఇంటి లెక్కే చెబుతాను. అక్టోబర్ 5న బిల్లు రీడింగ్ 8412. 12న 8455, 19న 8500. అంటే మొదటి వారం 43 యూనిట్లు, రెండో వారం 45. అప్పటికి 88 అయ్యాయి. తర్వాతి రీడింగ్ నవంబర్ 5న, ఇంకా 17 రోజులుంది. చివరి వారం లెక్కన రోజుకు దాదాపు 6.4 యూనిట్లు, 17 రోజులకు 109. మొత్తం 197. నెల మొత్తం సగటు కాకుండా చివరి వారం సగటే తీసుకోండి, ఇంట్లో ఇప్పుడు ఏం జరుగుతోందో చెప్పేది అదే.

197 అని తేలగానే నాకు టెన్షన్ మొదలైంది. తెలంగాణలో ఇళ్లకు 200 యూనిట్ల దగ్గర శ్లాబు పాత యూనిట్లతో సహా మారిపోతుంది. 100 దాటి 200 లోపు ఉంటే మొదటి వందకు యూనిట్‌కు రూ.3.40, తర్వాతి వందకు రూ.4.80 చొప్పున పడుతుంది. దాటితే మొదటి 200 యూనిట్లకూ రూ.5.10 చొప్పున, ఆపైన మూడు వందల దాకా రూ.7.70. అంటే 200 యూనిట్లకు రూ.820 అయితే, 201కి రూ.1,027.70. ఒక్క యూనిట్‌కు రెండు వందలు! ఇది ఎనర్జీ చార్జీ మాత్రమే, మిగతా చార్జీలు వేరు. గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చేవాళ్లకు దెబ్బ ఇంకా పెద్దది, 200 దాటిన నెల బిల్లంతా కట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఇలా మొత్తం వాడకాన్ని బట్టి రేట్లు మార్చే గ్రూపులను 2022లో తీసేశారు కాబట్టి అక్కడ ఈ గెంతు ఉండదు.

26న రీడింగ్ 8559. ఆ వారం 59 యూనిట్లు! చుట్టాలు రాలేదు, ఏసీ వేయలేదు. రోజుకు రెండు యూనిట్లు ఎక్కడికో పోతున్నాయి. మిగిలిన 10 రోజులూ ఇలాగే సాగితే మొత్తం 231 యూనిట్లు, సుమారు రూ.1,259.

ఇలాంటప్పుడు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. మీటరు మీద ఒక ఎర్ర లైటు మినుకుమంటుంటుంది. యూనిట్‌కు ఎన్నిసార్లు వెలుగుతుందో మీటరు మీదే రాసి ఉంటుంది, మాదానికి 3200. ఫ్రిజ్ తప్ప అన్నీ ఆపేసి, అరగంట మీటరు ముందు కూర్చున్నాను. (మా ఆవిడ రెండుసార్లు వచ్చి చూసి వెళ్లింది.) మంచి ఫ్రిజ్ అయితే కంప్రెసర్ కాసేపు నడిచి ఆగుతుంది, లైటూ దాదాపు ఆగుతుంది. మాది అసలు ఆగలేదు. నిమిషానికి ఆరేడుసార్లు వెలుగుతూనే ఉంది. అంటే దాదాపు 125 వాట్లు. రోజంతా అలా నడిస్తే మూడు యూనిట్లు. ఒక యూనిట్ తినాల్సింది మూడు తింటోంది.

ఫ్రిజ్ తలుపు సందులో కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగాను. పైన బిగుసుకుంది, కింది మూలలో జారి వచ్చేసింది. అక్కడ రబ్బరు ఊడింది, చల్లదనమంతా బయటికే. మెకానిక్ 28న వచ్చి రబ్బరు మార్చాడు. గీజరు కూడా ఒక పూటకు తగ్గించాం.

అయినా నవంబర్ 5న 207 వచ్చింది, రూ.1,074 దాకా పడింది. రబ్బరు ఊడింది మూడో వారం మొదట్లోనే అయి ఉండాలి, నేను చూసింది వారం చివర. అందుకే లెక్క 190 దాటుతుందనిపించిన నెలలో ఇప్పుడు బుధవారం కూడా ఒకసారి చూస్తున్నాను.

వచ్చే పాఠానికి మీ పని: పాత బిల్లు రీడింగుతో మొదలుపెట్టి మూడు ఆదివారాల అంకెలు రాయండి. పక్కనే ఆ వారం ఇంట్లో మామూలు కానిదేం జరిగిందో ఒక ముక్క రాయండి: చుట్టాలు, జ్వరం, ఎండ. నాలుగో పాఠంలో నీళ్ల మోటారును ఇలాగే పట్టుకుందాం.