టోక్యో బడిలో మొదటి పావుగంట: పిల్లల్ని చేర్పించే ముందు తెలుసుకోవాల్సినవి

ఉద్యోగం మీద టోక్యో వచ్చిన మనవాళ్లలో చాలామంది పిల్లల్ని ఇండియన్ స్కూళ్లలో వేస్తారు. కొందరు మాత్రం ఇంటికి దగ్గరనో, భాష వస్తుందనో, ఫీజు లేదనో వార్డు ఆఫీసులో దరఖాస్తు పెట్టి మామూలు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో చేరుస్తారు. మేం ఆ కొందరిలోవాళ్లం. ఏ బ్యాగు కొనాలి, లోపల వేసుకునే చెప్పులు ఎలా ఉండాలి అన్న చీటీ బడివాళ్లే ఇస్తారు. మా అమ్మాయికి ఇబ్బంది వచ్చింది అక్కడ కాదు, బడి మొదలయ్యే పావుగంటలో. అందుకే ఇది రాస్తున్నాను.

మన దగ్గర పొద్దున్నే అసెంబ్లీ అంటే మైదానంలో వరుసలు, ప్రార్థన, ప్రతిజ్ఞ, వార్తలు, పీఈటీ సారు విజిల్. ఇక్కడ బడి మొత్తం ఒకచోట చేరేది అప్పుడప్పుడే, చాలా బడుల్లో సోమవారం. రోజూ జరిగేది మాత్రం ఎవరి తరగతి గదిలో వాళ్లకే. దాన్ని ‘అసా నో కాయ్’ అంటారు, పొద్దుటి సమావేశం అని అర్థం. ఎనిమిదింబావు, ఎనిమిదిన్నర మధ్య మొదలై పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. దీన్ని నడిపేది టీచరు కాదు, ఆ రోజు వంతు వచ్చిన పిల్లలు. ఆ వంతు పేరు ‘నిచ్చోకు’. ఎక్కువగా ఇద్దరుంటారు, వాళ్ల పేర్లు నల్లబల్ల అంచున రాసి ఉంటాయి.

నిచ్చోకు పిల్లలు ముందుకొచ్చి ‘కిరిత్సు’ అంటే అందరూ లేస్తారు. ‘కి ఓ త్సుకె’ అంటే నిటారుగా నిలబడతారు. తర్వాత అందరూ కలిసి ‘ఒహాయో గొజాయిమస్’ అని, నడుం దగ్గర వంగి, కూర్చుంటారు. తరగతిని బట్టి మాటలు కొంచెం మారతాయి. మన పిల్లలు సాధారణంగా తడబడేది ఒక్కచోట: వంగుతూ మాట్లాడతారు. ముందు ఎదుటివాళ్ల వైపు చూస్తూ మాట పూర్తి చేయాలి, ఆ తర్వాతే వంగాలి. లేకపోతే నేలకి గుడ్ మార్నింగ్ చెప్పినట్టు ఉంటుంది. చేతులు జోడించినా ఎవరూ తప్పు పట్టరు, మా అమ్మాయి మొదటి వారం అలాగే చేసింది.

తర్వాత టీచరు ఒక్కొక్కరి పేరూ పిలుస్తారు. మా అసలు తంటా ఇక్కడే వచ్చింది. ఇక్కడ పిలిచేది ఇంటిపేరుతో. మనకేమో ఇంటిపేరు రికార్డుల్లో ఒక పొడి అక్షరం, అంతే. పుట్టినప్పటినుంచి ఆ పిల్లని దాంతో పిలిచినవాళ్లు లేరు. పైగా జపనీస్‌లో ‘వే’, ‘ల’ పలకవు. మా ‘వేముల’ కాస్తా ‘బేమురా సాన్’ అయ్యింది. మొదటి రోజు టీచరు మూడుసార్లు పిలిస్తే మా పిల్ల ఈ బేమురా ఎవరా అని వెనక్కి తిరిగి చూసిందట. నిజం చెప్పాలంటే నాకూ అది ఎవరో జపాన్‌వాళ్ల పేరులాగే వినిపించింది. కాబట్టి చేర్పించే రోజే పిల్లని ఏ పేరుతో పిలవాలో టీచరుకి చెప్పండి. వాళ్ల అక్షరాల్లో ఆ పేరు ఎలా రాస్తారో, పలికితే ఎలా వినిపిస్తుందో ఇంట్లో పిల్లకి ముందే వినిపించండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు తారుమారై ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. రెసిడెన్స్ కార్డులో ఎలా ఉంటే జాబితాలోకి అలాగే వెళ్తుంది.

పిలుపుకి జవాబు ‘ప్రెజెంట్ మేడమ్’ లాంటిది కాదు. ‘హై, గెంకి దెస్’ అనాలి, అంటే బాగున్నాను అని. ఇది మర్యాదకి అడిగే ప్రశ్న అనుకున్నాం. కాదు. దీన్ని ‘కెన్కో కన్సత్సు’ అంటారు, ఆరోగ్య పరిశీలన. ఎవరికి దగ్గు, ఎవరికి కడుపునొప్పి, ఎవరు రాలేదు అన్నది రాసుకున్న పట్టీ ఆరోగ్య గదికి వెళ్తుంది. అక్కడ దీనికోసమే ఒక టీచరు ఉంటారు. ఒకే తరగతిలో జ్వరాలు ఎక్కువైతే ఆ తరగతిని కొన్ని రోజులు మూసేయడానికి కూడా ఆ పట్టీయే ఆధారం.

మా అమ్మాయికి నేర్పింది ఆ ఒక్క వాక్యమే. ఒకరోజు పొద్దుటినుంచి కడుపులో తిప్పుతున్నా నేర్పినట్టే ‘గెంకి దెస్’ అంది. మూడో పీరియడ్‌లో వాంతి చేసుకుంది. బడినుంచి ఫోనొచ్చింది, ఆఫీసులో పని వదిలి పరుగెత్తాను. టీచరు కోప్పడలేదు. పొద్దున చెప్పి ఉంటే పక్కన కూర్చోబెట్టేవాళ్లం, పక్కపిల్లలకి కూడా ఇబ్బంది ఉండేది కాదు అన్నారు. ఆ సాయంత్రమే ఇంకో రెండు వాక్యాలు నేర్పాం: ‘ఒనాకా గ ఇతాయ్ దెస్’, కడుపు నొప్పిగా ఉంది. ‘నెత్సు గ అరిమస్’, జ్వరం ఉంది. మన ఇళ్లలో అడిగినవాళ్లకి బాగున్నామనే చెప్పాలని నేర్పుతాం కదా. ఇక్కడ బాగోకపోతే బాగోలేదని అందరి ముందూ చెప్పడం మర్యాద.

నిచ్చోకు వంతు హాజరు పట్టీ వరుసలో అందరికీ వస్తుంది. ముప్ఫై మంది తరగతిలో రోజుకి ఇద్దరు చొప్పున 15 బడిరోజులకి, అంటే మూడు వారాలకి ఒకసారి. మన బడిలో ప్రతిజ్ఞ చదివించేది బాగా చదివే పిల్లే. నేను పదేళ్లు చదివినా నాకు ఒక్కసారీ ఆ అవకాశం రాలేదు. ‘భారతీయులందరూ నా సహోదరులు’ అని మాత్రం రోజూ వెనక నిలబడి అన్నాను. ఇక్కడ భాష రాని పిల్లకీ వంతు తప్పదు. చెప్పాల్సిన మాటలు ఒక కార్డు మీద రాసి ఉంటాయి. దాన్ని ముందుగా ఇంటికి పంపమని టీచర్ని అడగండి, ఫొటో తీసుకున్నా చాలు. మేం వారం రోజులు భోజనాల దగ్గర ‘కిరిత్సు’ అనిపించుకుని లేచి నిలబడ్డాం. మా అత్తగారు వీడియో కాల్‌లో చూసి, తినే ముందు ఈ లేవడమేంటని నవ్వారు.

తీరా ఆ రోజు రెండో మాట దగ్గరే మా పిల్ల ఆగిపోయిందట. టీచరు అందివ్వలేదు. పక్కనున్న అబ్బాయి కార్డు మీద వేలు పెట్టి చూపించాడు. మిగతా తరగతి నిలబడే ఉంది. రేపో ఎల్లుండో ఆ చోట తామే నిలబడాలని వాళ్లందరికీ తెలుసు. వెక్కిరింపు ఎందుకు రాలేదో నాకు అప్పుడు అర్థమైంది.

అంతా ఇంత బాగుంటుందని కాదు. గొంతు చిన్నగా ఉందని తరగతి మొత్తంచేత మళ్లీ మళ్లీ చెప్పించే టీచర్లుంటారు. ఒకరోజు అలా మూడుసార్లు జరిగితే మా అమ్మాయి అది తన వల్లే అనుకుని ఇంటికొచ్చి ఏడ్చింది. నాకూ అది నచ్చలేదు. కాంటాక్ట్ నోట్‌బుక్‌లో, అంటే రోజూ ఇంటికీ బడికీ మధ్య తిరిగే ‘రెన్రకుచో’లో, నాలుగు సులువైన వాక్యాలు రాసి అడిగాను. జవాబు అదే రోజు వచ్చింది. ఇలాంటివి ఫోన్‌లో మాట్లాడటం కంటే అందులో రాయడమే నయం, అనువాదం చేసుకోవడానికి ఇద్దరికీ టైమ్ ఉంటుంది.

పిల్ల బడికి రాని రోజు మాత్రం ఆ సమావేశం మొదలయ్యేలోపే ఫోన్ ద్వారానో, బడి వాడే యాప్‌లోనో చెప్పేయండి. చెప్పకుండా కుర్చీ ఖాళీగా ఉంటే దారిలో ఏమైందోనని కంగారుపడి మీకు ఫోన్ చేస్తారు. మా పిల్ల జ్వరంతో పడుకున్న సాయంత్రం బెల్ మోగింది. కింది అంతస్తులో ఉండే అదే తరగతి పాప, చేతిలో కవరు. ఆ రోజు ఇచ్చిన కాగితాలు, రేపు తేవాల్సిన వస్తువుల చీటీ అందులో ఉన్నాయి. పాప ముందు ‘కొన్బన్వా’ అంది, ఆ తర్వాత వంగింది.

నేను కంగారులో వంగుతూనే మాట్లాడేశాను.