టోనర్ పెట్టినా నారింజ రంగు పోలేదా? పొరపాటు ఎక్కడుందో చూద్దాం

మన జుట్టు సహజంగా నలుపు. బ్లీచ్ పెడితే అది నేరుగా బంగారు రంగుకు రాదు. ముందు ఎరుపు, తర్వాత నారింజ, ఆ పైన ముదురు పసుపు, చివరికి లేత పసుపు, ఈ వరసలోనే తేలుతుంది. సెలూన్ భాషలో లెవెల్ 1 నలుపు, లెవెల్ 10 అతి లేత పసుపు. నారింజ 6 దగ్గర, పసుపు కలిసిన నారింజ 7 దగ్గర, పసుపు 8 దగ్గర కనిపిస్తాయి. బ్లీచ్ తర్వాత మిగిలిన ఈ పసుపు, నారింజ ఛాయలను అణచడానికి పెట్టే రంగే టోనర్. దాన్ని ఎంచుకునే ముందు జుట్టు పూర్తిగా ఆరబెట్టి, పగటి వెలుతురులో చూసి ఈ అంకె నిర్ణయించుకోవాలి. తడి జుట్టు ఉన్నదానికంటే ముదురుగా కనిపించి మోసం చేస్తుంది.

సమస్య: ఊదా టోనర్ పెట్టాను, కుదుళ్లు బాగున్నాయి, మధ్య భాగం నారింజగానే ఉంది

ఎక్కువమంది అడిగేది ఇదే. భుజాల వరకు నల్లటి జుట్టు, ఇంట్లోనే బ్లీచ్ చేసుకున్నారనుకుందాం. తల వేడికి కుదుళ్ల దగ్గర బ్లీచ్ వేగంగా పనిచేసి లెవెల్ 9కి వచ్చింది. మధ్య భాగం 6 దగ్గరే ఆగింది. జుట్టంతటికీ లెవెల్ 9 ఊదా టోనర్ రాశారు.

రంగుల చక్రంలో ఎదురెదురుగా ఉన్న రంగులు ఒకదాన్నొకటి అణచేస్తాయి. పసుపుకు ఎదురు ఊదా, నారింజకు ఎదురు నీలం, ఎరుపుకు ఎదురు ఆకుపచ్చ. నారింజ అంటే ఎరుపు, పసుపు కలిసినదే. ఊదా అందులోని పసుపును కొంత తగ్గిస్తుంది కానీ ఎరుపును ముట్టుకోదు. పైగా ఊదాలోనే ఎరుపు ఉంది. అందుకే మధ్య భాగం ఇంకా రాగి రంగులోనే మిగిలింది. రెండో కారణం కూడా ఉంది. లెవెల్ 9 టోనర్‌లో రంగు చాలా పలచన, లెవెల్ 6 నారింజను కప్పేంత బలం దానికి ఉండదు.

ఇక్కడ రెండు దారులున్నాయి. యాష్ బ్రౌన్ చాలనుకుంటే మధ్య భాగానికి మాత్రమే నీలం బేస్ ఉన్న లెవెల్ 6 టోనర్ పెట్టండి. కుదుళ్లకు తగలనివ్వకండి. జుట్టు లేత గోధుమ రంగులోకి వస్తుంది, బ్లాండ్ కాదు. బ్లాండే కావాలంటే ఏ టోనర్ వల్లా కాదు. టోనర్ రంగు వేస్తుందే తప్ప జుట్టును లేతబరచదు. మధ్య భాగాన్ని మళ్లీ బ్లీచ్ చేసి, అరటితొక్క లోపలి వైపు రంగు వచ్చాకే ఊదా టోనర్ పెట్టాలి. ముందు ఒక వెంట్రుక తడిపి లాగి చూడండి. జిగురులా సాగి వెనక్కి రాకపోతే బ్లీచ్ జోలికి వెళ్లకండి. ఆ జుట్టు తెగిపోతుంది. ఈ విషయంలో నేను రాజీపడను.

పసుపూ నారింజా కలగలిసిన లెవెల్ 7 అయితే నీలం, ఊదా రెండూ ఉన్న షేడ్ తీసుకోండి. డబ్బా మీది అంకెల అర్థం కంపెనీని బట్టి మారుతుంది, కాబట్టి పేరులో యాష్ అని ఉంటే సరిపోదు. బేస్ రంగు ఏమిటో షేడ్ కార్డులో చూడాలి.

కలిపే కొలత డబ్బా మీదిదే పాటించండి. 1:2 అని ఉంటే 30 గ్రాముల టోనర్‌కు 60 మిల్లీలీటర్ల డెవలపర్, అంటే టోనర్‌ను పనిచేయించే పెరాక్సైడ్ ద్రవం. దాని మీద 10 వాల్యూమ్ అని ఉంటే 3 శాతం పెరాక్సైడ్ అని అర్థం. తువ్వాలుతో తుడిచిన తడి జుట్టుకు, నారింజ ఎక్కువున్న చోటు నుంచి మొదలుపెట్టండి. 5 నిమిషాలకోసారి ఒక పాయను టిష్యూతో తుడిచి అసలు రంగు చూడండి. పైనున్న టోనర్ ముదిరి కనిపించినా భయపడనక్కర్లేదు. పాయ మీద నారింజ పోగానే కడిగేయండి. డబ్బా మీద చెప్పిన సమయం దాటించకండి. 48 గంటల ముందు చర్మం మీద ప్యాచ్ టెస్ట్ తప్పనిసరి. బ్లీచ్‌కు తల మండుతుంటే ఆ రోజు టోనర్ వద్దు.

సమస్య: పసుపు పోయి ఆకుపచ్చగా మారింది

పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చే. లెవెల్ 9 జుట్టుకు నీలం టోనర్ వాడితే ఇలా అవుతుంది. ముందు క్లారిఫైయింగ్ షాంపూతో కడిగి పలచబరచండి. మిగిలిన దాన్ని అణచడానికి ఎరుపు ఛాయ ఉన్న లేత టోనర్ చాలు, అదీ కొద్దిసేపే.

సమస్య: చివర్లు మాత్రం ఊదాగా, బూడిదగా అయ్యాయి

చివర్లు బ్లీచ్‌కు ఎక్కువ దెబ్బతిని రంగును త్వరగా పీల్చుకుంటాయి. ఒకటి రెండు తలస్నానాలకు చాలావరకు పోతుంది. వచ్చేసారి చివర్లకు ఆఖరి 2, 3 నిమిషాలే పెట్టండి.

సమస్య: కొన్ని వారాలకే పసుపు తిరిగొచ్చింది

టోనర్ శాశ్వతం కాదు, ప్రతి తలస్నానానికీ కొంత పోతుంది. ఇనుము ఎక్కువున్న బోరు నీళ్లు కూడా జుట్టును పసుపు పట్టిస్తాయి. పసుపుకు వారానికోసారి పర్పుల్ షాంపూ, నారింజకు బ్లూ షాంపూ వాడండి.

గోరింటాకు పెట్టుకున్న జుట్టుకు ఈ లెక్క సరిగా అన్వయించదు. దాని ఎరుపు బ్లీచ్‌కు మొండిగా నిలుస్తుంది. ఇండిగో కలిసి ఉంటే ఆకుపచ్చగా తేలొచ్చు. లోహ లవణాలు కలిపిన పొడులైతే పెరాక్సైడ్ తగలగానే జుట్టు వేడెక్కి తెగిపోయే ప్రమాదం ఉంది. అలాంటి జుట్టుకు ముందు ఒక చిన్న పాయ కత్తిరించి, దాని మీద బ్లీచ్ పరీక్షించాకే తలకు పెట్టండి.