ఫోటో చూసి బ్రేకర్ అసలుదో నకిలీదో చెప్పే ముందు జాగ్రత్తలు

హన్మకొండలో ఇల్లు కట్టుకుంటున్న మా బావ షాపు నుంచే కరెంటు బోర్డులో బిగించే బ్రేకర్ల ఫోటోలు పంపుతాడు. ముందు అడిగి తీసుకోవాల్సినవి ఇవి.

☐ బిగించని కొత్త పీసునే ఫోటో తీయమనండి. బోర్డు మూత తీయనివ్వొద్దు. మెయిన్ స్విచ్ ఆపినా దానికి కరెంటు వచ్చే వైపు టెర్మినల్‌లో కరెంటు ఉంటుంది.

☐ ముందువైపు ఎదురుగా, ఫ్లాష్ లేకుండా. ఫ్లాష్ పడితే అక్షరాల అంచులు కనపడవు.

☐ అక్షరాల్లో మొదట రేటింగ్ చదవండి. ఇళ్ల బ్రేకర్ల ప్రమాణం ప్రకారం "సి16" అనే ఉండాలి, చివర "ఏ" ఉండదు. షార్ట్ సర్క్యూట్‌ను ఆపగల శక్తి 6000 లేదా 10000 లాంటి అంకెగా దీర్ఘచతురస్రపు గడిలో ఉండాలి. బావ పంపినదాంట్లో "సి16ఏ" అని, గడి లేకుండా "10 కేఏ" అని ఉంది. నాకు అక్కడే అనుమానం వచ్చింది.

☐ టెర్మినల్ స్క్రూలు దగ్గరగా. గాడి పక్కకు జరిగినా, అంచుల్లో ఇనుప పొలుసులు లేచి ఉన్నా, కొత్తదానికే తుప్పు చుక్కలున్నా పక్కన పెట్టండి. గీతలు మాత్రం ఒకసారి బిగించి తీసిన అసలు పీసుకూ ఉంటాయి.

☐ బ్రేకర్ కాకుండా స్విచ్ అయితే వెనకవైపు ఫోటో. అచ్చులో పోసిన పేరు, రేటింగ్ స్పష్టంగా ఉండాలి.

☐ ఐఎస్ఐ గుర్తు కింది CM/L నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టండి. కంపెనీ పేరు, వస్తువు రెండూ కలవాలి. నంబరు కాపీ కొట్టి వేసేవాళ్లూ ఉంటారు కాబట్టి ఇదొక్కటే నమ్మొద్దు.

లోపలి ట్రిప్ భాగం ఫోటోలో కనపడదు. అందుకే "నకిలీలా ఉంది" అని చెప్పగలను, "అసలుదే" అని మాత్రం బావకు ఎప్పుడూ చెప్పను.