ఫ్రీ ట్రయల్ గడువు ఉందనుకుంటే డబ్బు కట్ అయిందా? సమస్య - పరిష్కారం

సమస్య: గడువు రోజు ఉదయం రద్దు చేద్దామని అనుకున్నారు. లేచి చూస్తే అర్ధరాత్రే డబ్బు కట్ అయింది.

నాకు జరిగింది ఇదే. 2025 ఏప్రిల్ 8, రాత్రి 1:10కి ఒక విదేశీ ఎడిటింగ్ యాప్‌లో 7 రోజుల ట్రయల్ మొదలుపెట్టాను. ఎనిమిదికి ఏడు కలిపితే పదిహేను. 15న ఉదయం 9 గంటలకు అలారం పెట్టుకుని నిశ్చింతగా ఉన్నాను. 15న తెల్లవారుజామున 1:11కి రూ.1,499 డెబిట్ మెసేజ్ వచ్చింది.

కారణం: నేను లెక్కపెట్టింది తేదీలు, వాళ్ల సర్వర్ లెక్కపెట్టింది గంటలు. నొక్కిన క్షణం నుంచి సరిగ్గా 168 గంటలు. పైగా వాళ్ల గడియారం ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలో నడుస్తుంది, మనకంటే అయిదున్నర గంటలు వెనక. నాకు 8వ తేదీ రాత్రి అయినది వాళ్లకు ఇంకా 7 సాయంత్రమే. అందుకే వెల్‌కమ్ మెయిల్‌లో గడువు ఏప్రిల్ 14 అని ఉంది. అది చూసి కూడా వాళ్లే తప్పు రాశారనుకున్నాను!

మీ విషయంలో ఏ గడియారమో తెలియాలంటే వెల్‌కమ్ మెయిల్‌ను కంప్యూటర్లో జీమెయిల్‌లో తెరిచి, మూడు చుక్కల మెనూలో `Show original` నొక్కండి. నాకు కనిపించిన లైను ఇది:

```
Date: Mon, 07 Apr 2025 19:40:12 +0000
```

చివర `+0000` ఉంటే యూటీసీ. దానికి 5:30 కలిపితే మన టైము. `-0700` ఉంటే అమెరికా పడమటి తీరం వేసవి టైము, పన్నెండున్నర గంటలు కలపాలి. బిల్లింగ్ గడియారం కూడా ఇదేనని గ్యారంటీ లేదు కానీ, డెబిట్ మెసేజ్ టైముతో పోల్చితే విషయం తేలిపోతుంది.

పరిష్కారం: 'ఏప్రిల్ 14తో ముగుస్తుంది' అని మాత్రమే రాసి ఉంటే దాన్ని నమ్ముకోవద్దు. యూటీసీలో 14 మొదలవగానే కట్ చేసే కంపెనీ అయితే మనకు 14 ఉదయం 5:30కే గడువు తీరుతుంది. 14 పూర్తయ్యాక చేసేదైతే 15 ఉదయం 5:30. ఒకే తేదీ, మధ్యలో ఒక రోజు తేడా. దానికితోడు ఆపిల్ ట్రయల్ ముగియడానికి కనీసం 24 గంటల ముందే రద్దు చేయమంటుంది. కాబట్టి 14 అని ఉంటే 12న పగలే రద్దు చేయండి. చాలా యాప్‌లలో రద్దు చేశాక కూడా గడువు దాకా వాడుకోవచ్చు. కొన్నిట్లో వెంటనే ఆగిపోతుంది, అది సాధారణంగా రద్దు స్క్రీన్‌లోనే రాసి ఉంటుంది, చదివి నొక్కండి. యాప్‌ను ఫోన్‌లోంచి తీసేస్తే మాత్రం సబ్‌స్క్రిప్షన్ రద్దు కాదు.

సమస్య: ముందుగా ఏ నోటీసూ రాలేదు.

కారణం: చాలాసార్లు వచ్చే ఉంటుంది, మనమే గుర్తుపట్టం. ఆర్‌బీఐ నిబంధన ప్రకారం కార్డు మీదైనా యూపీఐ ఆటోపే మీదైనా డబ్బు తీసే ముందు కనీసం 24 గంటల ముందు నోటీసు రావాలి. అది వచ్చేది బ్యాంకు వైపు నుంచి, ట్రయల్ ఇచ్చిన యాప్ నుంచి కాదు. నాకు 13 సాయంత్రం వచ్చింది. అందులో ఉన్నది యాప్ పేరు కాదు, దాని వెనకున్న కంపెనీ పేరు. లోన్ ఆఫర్ల మెసేజ్‌ల మధ్య దాన్ని చూసి ఇదేదో స్పామ్ అనుకుని వదిలేశాను.

పరిష్కారం: మెసేజ్‌లలో `mandate`, `autopay` అని వెతకండి. డెబిట్‌కు ముందే దొరికితే ఆ ఒక్క డెబిట్‌నో, మొత్తం మాండేట్‌నో, అంటే ఆటోమేటిక్‌గా డబ్బు తీసుకోవడానికి మనమిచ్చిన అనుమతినో, ఆపే వీలు బ్యాంకు ఇవ్వాలి. మెసేజ్‌లోని లింకు నొక్కకుండా నేరుగా బ్యాంకు యాప్‌లోకి వెళ్లడం మంచిది, ఇలాంటి మెసేజ్‌ల వేషంలో మోసాలూ వస్తుంటాయి. యూపీఐ అయితే మీ యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిస్తే నడుస్తున్న మాండేట్లన్నీ కనిపిస్తాయి. మాండేట్ ఆపితే డబ్బు ఆగుతుంది కానీ కంపెనీ దగ్గర ఖాతా అలాగే ఉండొచ్చు, అక్కడా రద్దు చేయండి.

డబ్బు పోయాక తెలిస్తే, గూగుల్ ప్లే ద్వారా కట్టినవాళ్లు 48 గంటల్లోపు అక్కడే రీఫండ్ అడగండి. ఆపిల్ అయితే `reportaproblem.apple.com`. నేను కంపెనీ సైట్లోనే కట్టాను కాబట్టి నేరుగా వాళ్లకే రాశాను: వెల్‌కమ్ మెయిల్, డెబిట్ మెసేజ్ జతచేసి, ట్రయల్ ముగిశాక ఒక్కసారి కూడా యాప్ తెరవలేదని చెప్పాను. నాలుగో రోజు డబ్బు తిరిగొచ్చింది. ట్రయల్ తర్వాత వాడి ఉంటే ఇంత తేలిగ్గా ఒప్పుకునేవాళ్లు కాదేమో.